ప్లేటు ధరలో ఏమేం ఉన్నాయో రాసివ్వండి: పెళ్లి క్యాటరర్లకు ఒక బహిరంగ లేఖ

పెళ్లిళ్లకు భోజనాలు ఒప్పుకునే క్యాటరర్లందరికీ,

నమస్కారం. మా చెల్లెలి పెళ్లి అయ్యి మూడు నెలలు దాటింది. భోజనం బాగుందని వచ్చినవాళ్లు ఇప్పటికీ చెప్తున్నారు. వంటలో వంక పెట్టడానికి ఏమీ లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ లేఖ రుచి గురించి కాదు, బిల్లు గురించి. పెళ్లి మర్నాడు పొద్దున్నే ఆ బిల్లు చేతికొచ్చినప్పుడు మా నాన్న మాట్లాడకుండా దాన్ని రెండుసార్లు చదివి నాకు ఇచ్చారు. "మనం ఒప్పుకున్నది ఇది కాదు కదమ్మా" అన్నారు. నేను కొటేషన్ కాగితం తీసి పక్కన పెట్టి చూశాను. బాధ ఏమిటంటే, ఆ కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు. రాయాల్సినవే సగం లేవు.

మా క్యాటరర్ పేరు చెప్పను. ఆయన ఒక్కరినే వేలెత్తి చూపించడం నా ఉద్దేశం కాదు. ఆ తర్వాత నేను చూసిన చాలా కొటేషన్లు అలాగే ఉన్నాయి. పైన "ప్లేటుకు ఇంత" అని పెద్ద అక్షరాలు, కింద వంటకాల పేర్లు, చివర "ఇతర ఖర్చులు అదనం" అని ఒక చిన్న వాక్యం. ఆ చిన్న వాక్యం వెనక ఏముందో విప్పి రాసివ్వమని అడగడానికే ఈ లేఖ.

అసలు మొత్తాలు ఇక్కడ రాయడం లేదు. మాకు చెప్పిన ప్లేటు ధరను 100 అనుకుని, మిగతావన్నీ ఆ దామాషాలోనే రాస్తున్నాను. ఎక్కడి పెళ్లికైనా, ఏ ధరకైనా ఈ లెక్క పనికొస్తుంది.

మేము 400 మందికి భోజనాలు అనుకున్నాం. ఇద్దరు క్యాటరర్లు కొటేషన్ ఇచ్చారు. ఒకరు 100 అన్నారు, ఇంకొకరు 122 అన్నారు. 22 తేడా అంటే 400 ప్లేట్లకు 8,800. చిన్న మొత్తం కాదు. రెండో ఆయన "మాది అన్నీ కలిపి అండీ" అన్నారు గానీ, ఆ "అన్నీ" అనే మాటకు అర్థం ఏమిటో ఆయనా వివరించలేదు, మేమూ అడగలేదు. 100 చెప్పినవారికే అడ్వాన్స్ ఇచ్చేశాం. 122 చెప్పినాయన కాగితాన్ని నాన్న మడిచి ఫైల్లో పెట్టారు. బిల్లు వచ్చాక దాన్నే బయటికి తీశాం.

బిల్లులో మొదటి వరుస ప్లేట్లు. 446 ప్లేట్లు, ఒక్కోటి 100 చొప్పున 44,600. తర్వాత వడ్డించేవాళ్ల ఖర్చు 2,400. ప్లేట్లు, గ్లాసులు, టేబుల్ గుడ్డల అద్దె 1,800. రవాణా, వంట ఇంధనం 1,500. గంట అదనంగా ఉన్నందుకు 900. ఇదంతా కలిపితే 51,200. దీని మీద 10 శాతం సర్వీస్ ఛార్జి, 5,120. మొత్తం మీద 5 శాతం పన్ను, ఇంకో 2,816. ఆఖరున 59,136.

పన్ను శాతం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, దాని గురించి నాకు పేచీ లేదు. అది మీ జేబులోకి వెళ్లేది కాదు. కానీ ఆ రెండు శాతాలు ఏం చేశాయో చూడండి. 100 మీద 10 శాతం సర్వీస్ ఛార్జి వేస్తే 110. ఆ 110 మీద 5 శాతం పన్ను వేస్తే 115.50. అంటే అదనంగా ఏ వస్తువూ, ఏ పనీ కలవకముందే మా ప్లేటు 100 కాదు, 115.50. 122 చెప్పినాయన ధరలో పన్ను, సర్వీస్ ఛార్జి లోపలే ఉన్నాయి. మేము 22 తేడా అనుకుని వదులుకున్నది, నిజానికి 6.50 తేడా. ఆ 6.50కి ఆయన వడ్డించేవాళ్లను, ప్లేట్లను, రవాణాను కూడా ఇస్తున్నారు. మాకేమో ఆ మూడూ విడిగా పడ్డాయి. ఆ మూడింటికీ 5,700ను 400 మందికి పంచితే తలకు 14.25. దాని మీద కూడా సర్వీస్ ఛార్జి, పన్ను పడితే దాదాపు 16.50. అంటే సంతకం పెట్టిన రోజున మా అసలు ధర 132. చవక అనుకున్నది 10 ఎక్కువ, ఖరీదు అనుకున్నది 10 తక్కువ.

ఈ 132 అనే అంకె ఆ రోజు ఎవరి నోటా రాలేదు. మా క్యాటరర్‌కి మాత్రం తెలుసు. ఏ పెళ్లికి ఎంతమంది వడ్డించాలో, వ్యాన్ ఎన్నిసార్లు తిరగాలో ఆయనకు తెలియకుండా ఉండదు కదా. అందుకే నా మొదటి విన్నపం ఇది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసే అంకె, పన్నుతో సహా మేము నిజంగా కట్టాల్సిన అంకె అయి ఉండాలి. దాన్ని ఎలా విడగొట్టి చూపిస్తారో మీ ఇష్టం. భోజనం ఇంత, మనుషులు ఇంత, సామాను ఇంత, రవాణా ఇంత, పన్ను ఇంత అని కింద రాయండి. కానీ పైన ఉండేది ఆఖరి అంకే కావాలి. పక్కపక్కన రెండు కొటేషన్లు పెట్టుకుని చూసే ఇంటివాళ్లు మొదట ఆ అంకెనే చూస్తారు. విడగొట్టి తక్కువ చూపించినవారికి పని దొరుకుతుంది, కలిపి నిజం చెప్పినవారికి దొరకదు. 122 చెప్పినాయనకు జరిగిన అన్యాయంలో మా అజ్ఞానానికీ భాగం ఉంది. ఇలాగే సాగితే రేపు ఆయన కూడా విడగొట్టడం మొదలుపెడతారు.

సర్వీస్ ఛార్జి దగ్గర ఇంకో మాట. పెళ్లి రాత్రి వడ్డించినవాళ్లకు మా బాబాయి విడిగా తలా కొంత ఇచ్చారు. అది ఇష్టంగా ఇచ్చినదే. బిల్లులో 5,120 సర్వీస్ ఛార్జి చూశాక వాళ్లలో ఒకరికి ఫోన్ చేసి అడిగాను, మీకు అందులో ఏమైనా వస్తుందా అని. రోజు కూలి తప్ప ఇంకేమీ రాదన్నాడు. సర్వీస్ ఛార్జి అని పేరు పెట్టినప్పుడు, అది సర్వీస్ చేసినవాళ్లకు చేరుతుందని ఇంటివాళ్లు అనుకుంటారు. చేరితే చేరుతుందని రాయండి. చేరకపోతే ఆ పేరు తీసేసి ధరలో కలిపేయండి. అప్పుడు ఆ అబ్బాయికి మేము ఎంత ఇవ్వాలో మాకు తెలుస్తుంది.

ఇక ప్లేట్ల లెక్క. 400 చెబితే 446 ఎలా అయింది? ఈ ప్రశ్న మీదే నాకు ఎక్కువ సమయం పట్టింది.

రాత్రి భోజనాలు అయ్యాక హాలు వెనక వరండాలో లెక్క జరిగింది. అప్పటికి నేను చీర కొంగు నడుముకి చుట్టుకుని, చెప్పుల్లేకుండా తిరుగుతున్నాను. మేనేజర్ గారు పిలిచి "అమ్మా, మీ వాళ్లెవరైనా ఉంటే లెక్క చూసుకోండి" అన్నారు. ఆయన పద్ధతి సులువైనదే. మొత్తం తెచ్చిన ప్లేట్లు 600. వాడకుండా మిగిలినవి దొంతరలుగా పెట్టి ఉన్నాయి, ఒక్కో దొంతరలో 25. ఆరు దొంతరలు, పైన నాలుగు. 154. 600లోంచి 154 తీసేస్తే 446. నేను వేలితో దొంతరలు తాకుతూ లెక్కపెట్టాను. సరిపోయింది. సంతకం పెట్టేశాను.

నేను సంతకం పెట్టింది మిగిలిన ప్లేట్ల లెక్కకు. తెచ్చినవి 600 అని ఎవరు చూశారు? పొద్దున వ్యాన్ దిగినప్పుడు మా ఇంట్లోవాళ్లు ఒక్కరూ అక్కడ లేరు. మా మేనేజర్ గారు తప్పు చెప్పారని నేను అనను, నాకు తెలియదు కాబట్టి. కానీ తీసివేత లెక్కలో పై అంకె ఒక్కరికే తెలిసి, కింది అంకె మాత్రమే ఇద్దరూ చూస్తే, జవాబు ఇద్దరిదీ కాదు. లెక్క ఈ పద్ధతిలో చేసేటట్టయితే రెండు పూటలా చేయాలి. వడ్డన మొదలవకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి, రెండుసార్లూ ఇరువైపులవాళ్లూ ఉండి. మధ్యలో ప్లేట్లు కడిగి మళ్లీ వాడితే ఈ పద్ధతి అసలు పనికిరాదు. అలా కడిగే ఏర్పాటు ఉంటే ముందే చెప్పాలి.

446 నిజమే అనుకుందాం. అవి ఎవరివి? ద్వారం దగ్గర మా పిన్ని కొడుకు వచ్చినవాళ్లను పుస్తకంలో రాసుకున్నాడు. పసిపిల్లల్ని వదిలేస్తే 405 మంది. ఫోటోలు, వీడియో తీసేవాళ్లు, అలంకరణ పనివాళ్లు, వాద్యాలవాళ్లు, డ్రైవర్లు కలిపి 28 మంది తిన్నారు. 433 అయింది. ఇంకా 13 ప్లేట్లు ఉన్నాయి. ఒకరు సగం తిన్న ప్లేటు పక్కన పెట్టి మాట్లాడుతూ ఉంటే తీసేశారు, ఆయన ఇంకోటి తీసుకున్నారు. ఇది నా కళ్లతో చూశాను. తీపి కోసం కొత్త ప్లేటు తీసుకున్నవాళ్లు ఉంటారు. ఇంకొకటి కూడా చూశాను. పదకొండు దాటాక, వేడి వంటకాల కౌంటర్ వెనక ఒక కుర్రాడు గోడకు ఆనుకుని నిలబడి గబగబా తింటున్నాడు. సాయంత్రం అయిదు నుంచి కాళ్ల మీదే ఉన్నాడు. నన్ను చూసి ప్లేటు కిందికి దించబోయాడు. "తిను నాన్నా, కూర్చుని తిను" అని కుర్చీ జరిపాను. ఆ అబ్బాయి మా పెళ్లిలో తిన్నాడంటే నాకు సంతోషం. కానీ ఆ ప్లేటు ఎవరి ఖాతాలో పడింది? మీ మనుషుల భోజనం మీ బాధ్యతా, మాదా? మాదే అంటే, అలాగే ఇస్తాం. ఎంతమందో, ఒక్కొక్కరికి ఎంతో రాసివ్వండి. అప్పుడు ఆ కుర్రాడు కౌంటర్ వెనక దాక్కుని తినాల్సిన పని ఉండదు.

కొంతమంది క్యాటరర్లు ఫోటోగ్రాఫర్లలాంటి పనివాళ్లకు సగం ధరకో, అంతకు కొంచెం ఎక్కువకో విడిగా భోజనం పెడతారని ఆ తర్వాత తెలిసింది. ఆ 122 కాగితంలోనే ఉంది, వెనక వైపు. పనివాళ్ల భోజనం 60, అని. పిల్లల ధర కూడా ఉంది, ఎన్నేళ్ల లోపు అన్నది స్పష్టంగా. దాన్ని మేము తిప్పి చూడలేదు.

అందుకని రెండో విన్నపం. "ప్లేటు" అంటే ఏమిటో రాయండి. వచ్చిన మనిషా, వాడిన ప్లేటా, ముందే చెప్పిన సంఖ్యా? ఈ మూడూ మూడు వేర్వేరు అంకెలు. మా విషయంలో 405, 446, 400. ఏ పద్ధతి పెట్టుకున్నా ఒప్పుకుంటాం, పెళ్లికి ముందు తెలిస్తే చాలు. నా మటుకు మనుషుల లెక్కే మేలనిపిస్తుంది. ద్వారం దగ్గర మీ మనిషి ఒకరు, మా మనిషి ఒకరు కూర్చుంటే సరిపోతుంది.

ఈ పని తెలిసినవారి మాట వినకుండా రాయకూడదని, చాలా ఏళ్లు పెళ్లి వంటలు చేయించిన ఒక మేస్త్రి గారి దగ్గర కూర్చుని అడిగాను. ఆయన చెప్పిన ఒక విషయం విన్నాక మీ ఇబ్బంది నాకు అర్థమైంది. క్యాటరింగ్‌లో కొన్ని ఖర్చులు మనుషుల్ని బట్టి పెరుగుతాయి, కొన్ని పెరగవు. సరుకులు తలకు ఇంత అని పడతాయి. వ్యాన్, పొయ్యిలు, పెద్ద గిన్నెలు, ముఖ్య వంటవాళ్ల కూలి మాత్రం 200 మంది వచ్చినా 400 మంది వచ్చినా దాదాపు ఒకటే. ఆయన ఒక కాగితం మీద వేసి చూపించారు. తలకు పడే ఖర్చు 70, విడిగా పడే స్థిరమైన ఖర్చు 12,000 అనుకోండి. 400 మంది అయితే 12,000ను పంచితే తలకు 30, ప్లేటు 100. 300 మందే అయితే 40 పడుతుంది, ప్లేటు 110. 200 అయితే 60 పడి 130 అవుతుంది. "400 అని చెప్పించుకుని 250 మంది వస్తే నా గతేం కావాలమ్మా, అందుకే మినిమం గ్యారంటీ అడుగుతాం" అన్నారు. న్యాయమైన మాట. 400 అని గ్యారంటీ ఇచ్చాక 380 మందే వస్తే 400కీ కట్టాలి. సరుకు కొన్నారు, మనుషుల్ని పిలిచారు, వండారు. అందులో నాకు అభ్యంతరం లేదు.

కానీ అదే కాగితాన్ని రెండో వైపు నుంచి చదవండి. 400 దాటాక వచ్చే ప్రతి ప్లేటుకూ ఆ స్థిరమైన ఖర్చు అప్పటికే వచ్చేసింది. వ్యాన్ డబ్బు, గిన్నెల డబ్బు మొదటి 400 ప్లేట్లలోనే ఉన్నాయి. 401వ ప్లేటుకు మళ్లీ 100 తీసుకుంటే అందులో ఉన్న 30 దేనికి? మేస్త్రి గారిని ఇదే అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆఖరి నిమిషంలో మనుషులు పెరిగితే సరుకు తెప్పించడానికి ఎక్కువ ఖర్చవుతుందని, మిగిలిపోతే నష్టమనీ చెప్పారు. అదీ నిజమే. కాబట్టి అదనపు ప్లేటు 70కే ఇవ్వమని నేను అనను. అది ఎంతో ముందే రాయమంటున్నాను. పెద్ద సంఖ్యకు తగ్గే ధర ఎలా ఉంటుందో చూపించండి. 300కి ఇంత, 400కి ఇంత, 500కి ఇంత. మనుషుల సంఖ్య చెప్పకుండా అడిగే "ప్లేటు ఎంత" అన్న ప్రశ్నకు అసలు జవాబే లేదని నాకు ఆ రోజే తెలిసింది. ఫోన్‌లో ఎవరైనా అలా అడిగితే అంకె చెప్పకండి, ముందు ఎంతమంది అని అడగండి. ఆఖరి సంఖ్య ఏ రోజు లోపల చెప్పాలో, ఆ తర్వాత ఎంతవరకు పెంచుకోవచ్చో కూడా చెప్పండి. మీరు ఎలాగూ చెప్పిన లెక్కకు కొంచెం ఎక్కువే వండుతారు. ఆ కొంచెం ఎంతో తెలిస్తే ఇంటివాళ్లు భయపడి 50 ఎక్కువ చెప్పడం మానేస్తారు.

మెనూ సంగతికి వస్తే, మాకు 24 రకాలు అని రాసిచ్చారు. 24 రకాలూ వచ్చాయి. అయితే నూనెలో వేయించిన ఒక రకం తొమ్మిదిన్నరకే అయిపోయింది. పెళ్లికొడుకు తరఫువాళ్లు దూరం నుంచి వచ్చి అప్పుడే కూర్చుంటున్నారు. ఖాళీ పళ్లెం మీద మూత పెట్టి ఉంచారు. ఒక పెద్దాయన మూత తీసి చూసి మళ్లీ మెల్లగా పెట్టేశారు. నేను అక్కడే ఉన్నాను. ఏమీ అనలేదాయన. అనకపోవడమే నాకు కష్టంగా తోచింది.

మేనేజర్ గారిని అడిగితే, అది 250 మందికి సరిపోయేంతే చేశామన్నారు. 24 రకాలు పెట్టినప్పుడు అందరూ అన్నీ తినరు, ప్రతి ఒక్కటీ 400 మందికి చేస్తే సగం పారేయాలి అన్నారు. మేస్త్రి గారు కూడా అదే చెప్పారు, రకాలు పెరిగేకొద్దీ ఒక్కోదాని పరిమాణం తగ్గిస్తారని. అందులో మోసం లేదు, వృథా కాకుండా చూసే పద్ధతి అది. కానీ ఆ సంగతి మెనూ కాగితంలో ఉంటే, మేము 24 అడిగేవాళ్లమే కాదు. 14 రకాలు చాలు, అవి మాత్రం ఆఖరి పంక్తి దాకా ఉండాలి అనేవాళ్లం. వంటకం పేరు పక్కన ఒక చిన్న అంకె రాయండి. ముక్కలుగా వడ్డించేదయితే తలకు ఎన్ని ముక్కలు, గరిటెతో వడ్డించేదయితే తలకు ఎన్ని గ్రాములు, ఎంతమంది తింటారని లెక్కవేసి చేస్తున్నారు. వంట మొదలుపెట్టే ముందు మీరు వేసుకునే లెక్కే అది, మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. మాకు చూపించండి చాలు. ఏదైనా వస్తువు బజార్లో దొరక్క వంటకం మార్చాల్సి వస్తే, మమ్మల్ని అడిగి మారుస్తామన్న ఒక వాక్యం కూడా ఉండాలి.

అదనపు గంటకు పడిన 900 గురించి క్లుప్తంగా చెప్తాను. ఒప్పందంలో "6 గంటల సర్వీస్" అని ఉంది. మేము దాన్ని వడ్డన మొదలైనప్పటి నుంచి అనుకున్నాం. వాళ్లు తమ మనుషులు హాల్లోకి అడుగుపెట్టినప్పటి నుంచి అనుకున్నారు. మనుషులు వచ్చింది 5 గంటలకు, వడ్డన మొదలైంది 7:30కి. వాళ్ల లెక్కన 11కే గడువు తీరిపోయింది, మా లెక్కన ఇంకా రెండున్నర గంటలు ఉంది. ఒకే మాటకు రెండు అర్థాలు, ఇద్దరమూ నిజాయితీగానే. "ఎన్ని గంటలు" అని కాకుండా "ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు" అని గడియారం సమయం రాస్తే ఈ పేచీ పుట్టదు. అలాగే వడ్డించేవాళ్లు ఎంతమంది అన్నదీ రాయాలి. బఫే అయితే దాదాపు 25 మందికి ఒకరు, కూర్చోబెట్టి వడ్డిస్తే 10, 12 మందికి ఒకరు అని సాధారణంగా అనుకుంటారట. మాకు బఫేలో 400 మందికి 11 మంది వచ్చారు. క్యూ ఎందుకంత పొడుగైందో అప్పుడు అర్థం కాలేదు. ధర తక్కువగా చెప్పినప్పుడు మొదట తగ్గేది మనుషులే. ఆ సంఖ్య కాగితం మీద లేకపోతే ఆ తగ్గింపు ఎవరికీ కనిపించదు.

మిగిలిన భోజనం ఎవరిదన్నది కూడా అంతే, ముందే తేలాలి. మాకు మిగిలింది ఇచ్చేశారు, సంతోషమే. కానీ ఎప్పటి నుంచి బయట ఉందో చెప్పలేదు. వండిన ఆహారాన్ని మామూలు గది వేడిలో 2 గంటలకు మించి ఉంచకూడదని, వేడిగా ఉంచేది 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పొయ్యి మీద, వేడి పాత్రల్లో ఉన్నది వేరు, కౌంటర్ మీద చల్లారిపోయింది వేరు. ఇచ్చేటప్పుడు ఏది పనికొస్తుంది, ఏది పారేయాలి అని మీ వంటవాళ్లు చెప్తే మేము పక్కవాళ్లకు ధైర్యంగా పంచగలం. పారేసే ఖర్చు ఉంటే అదీ ధరలో ఉందా లేదా అన్నది రాయండి.

ఇప్పుడు మళ్లీ ఆ ఆఖరి అంకె దగ్గరికి వస్తాను. 59,136ను వచ్చిన 405 మందికి పంచితే తలకు 146. మాకు చెప్పింది 100. అదే రాత్రి, అదే 405 మందికి 122 చొప్పున, 28 మంది పనివాళ్లకు 60 చొప్పున కట్టి ఉంటే 51,090 అయ్యేది. 8,046 తేడా. అది చెల్లెలి కోసం నాన్న విడిగా దాచిన దాంట్లోంచి వెళ్లింది. ఆయన బేరం ఆడలేదు, గొడవ పడలేదు. "భోజనం పెట్టినవాళ్లతో మాట పడకూడదమ్మా" అని కట్టేశారు. ఇంటివాళ్లు ఆ రోజు గొడవ పడరని మీకు తెలుసు. పెళ్లి మర్నాడు, ఇంటినిండా చుట్టాలు ఉండగా, ఎవరూ పడరు. అందుకే తేలాల్సినవన్నీ అడ్వాన్స్ ఇచ్చే ముందే తేలాలి.

కొందరు క్యాటరర్లు ఈ లేఖ చదివి, ఇవన్నీ రాస్తే ధర పెద్దదిగా కనిపించి పని దొరకదు అనుకోవచ్చు. మీ భయం నిజమైనదే. మేమే అలా ఒకరిని వదులుకున్నాం కదా. అందుకే ఒక్కరు కాదు, ఒక ఊళ్లో ఉన్న క్యాటరర్లందరూ కూర్చుని ఒకే నమూనా కాగితం పెట్టుకోండి. అందరూ ఒకే వరుసలో, అవే అంశాలు రాస్తే ఎవరూ నష్టపోరు. వంట ఎవరిది బాగుందో దాన్ని బట్టి పని వస్తుంది.

వచ్చే ఏడాది మా తమ్ముడి పెళ్లి. ఈసారి నేనే ఒక కాగితం తయారు చేశాను, ఒకే పేజీ. పైన మనుషుల సంఖ్య, తేదీ, వడ్డన మొదలయ్యే సమయం, ముగిసే సమయం మేమే రాసి ఇస్తాం. దాని కింద పన్నుతో సహా తలకు ఆఖరి ధర కోసం ఒక గడి. తర్వాత వడ్డించేవాళ్ల సంఖ్య, ప్లేట్లు గ్లాసులు టేబుల్ గుడ్డలు, తాగునీరు, ఐస్, రవాణా, ఇంధనం, శుభ్రం చేయడం, ఒక్కోదాని పక్కన "ధరలో ఉంది" లేదా "లేదు, ఇంత" అని రాయడానికి ఖాళీ. పిల్లలకు, పనివాళ్లకు, మీ మనుషులకు వేరే గడులు. లెక్క ఎలా చేస్తారు, 400 దాటితే ప్లేటు ఎంత, తగ్గితే ఏం చేస్తారు, అదనపు గంటకు ఎంత, ఏదైనా విరిగితే పోతే ఎంత, ఈ ధర ఏ తేదీ దాకా చెల్లుతుంది. చివర్లో ఒక వాక్యం అచ్చు వేయించాను: ఈ కాగితంలో రాయనిదేదీ బిల్లులో ఉండదు. కింద రెండు సంతకాలకు చోటు.

దాన్ని ముగ్గురు క్యాటరర్లకు పంపుతున్నాను. అందులో ఒకరు ఆ 122 చెప్పినాయన. మరొకరు మా చెల్లెలి పెళ్లికి వండినాయన. ఆయన చేతి వంట మా తమ్ముడికి చాలా ఇష్టం. ఆ ఆఖరి వాక్యం కింద ఆయన సంతకం పెడితే, మళ్లీ ఆయననే పిలవాలని నాన్న అంటున్నారు.

ఇట్లు,
పెళ్లికూతురి అక్క